ఈ గ్రూపుకి "కొబ్బరి దింపు లెక్కలు" అని ఎందుకు పేరు పెట్టానంటే

ఒరేయ్ అబ్బాయిలూ, అమ్మాయిలూ, అందరూ వినండి. పక్కన ఎవరైనా కూర్చుని ఉంటే ముందు లేచి పెరట్లోకి వెళ్లండి, అక్కడ చదవండి. ఇక్కడ మనం 23 మందిమి ఉన్నాం. మన పదో తరగతి గ్రూపులో 24 మంది. లేని ఆ ఒక్కడూ ఎవడో ఈపాటికి మీకు అర్థమై ఉంటుంది. అవును, మన సత్తిబాబే.

డిసెంబర్ 16, మంగళవారం నాటికి వాడికి యాభై నిండుతాయి. మనం రెండు రోజుల ముందే, 14వ తేదీ ఆదివారం, అంబాజీపేట దగ్గర మా కొబ్బరితోటలో పెంకుటింటి దగ్గర పుట్టినరోజు చేస్తున్నాం. మంగళవారం అయితే వాడికి అనుమానం వస్తుంది. శనివారం అయితే మనలో నలుగురు నీసు ముట్టరు. అందుకని ఆదివారం. ఈ సంగతి వాడికి తెలియదు. తెలియకూడదు. నేను ఇంత పొడుగు రాస్తున్నది ఆ రెండో ముక్క కోసమే.

పదేళ్ల కిందట ఏం జరిగిందో గుర్తుందిగా? వాడి నలభయ్యో పుట్టినరోజుకి ఇలాగే అనుకున్నాం. వంటవాళ్లకి అడ్వాన్సు ఇచ్చాం, టెంటు చెప్పాం. రెండు రోజుల ముందు మనలో ఒకరు ఫోన్లో మాట మీద మాట వచ్చి "సరే అయితే, ఆదివారం పార్టీలో కలుద్దాం" అనేశారు. అంతే. సత్తిబాబు ఆ రాత్రే చిన్న సంచీ సర్దుకుని, మొక్కు ఉందని చెప్పి తిరుపతి బస్సు ఎక్కేశాడు. తన కోసం ఎవరైనా రూపాయి ఖర్చు పెడుతున్నారంటే వాడు ఊళ్లో ఉండడు. ఆ ఒకరు ఎవరో నాకూ తెలుసు, మీకూ తెలుసు, పేరెత్తను. ఆ రోజు చెల్లెమ్మ వండిన పాయసం గిన్నె ముందు కూర్చుని ఏడ్చిన సంగతి మాత్రం నేను మర్చిపోలేదు. ఈసారి ఈ ఆలోచన కూడా తనదే. "అన్నయ్యా, ఈసారైనా ఆయన్ని పట్టుకోగలమా?" అని అడిగింది. పట్టుకుంటామమ్మా అని మాటిచ్చాను. మీ అందరి తరఫునా ఇచ్చాను.

కాబట్టి ఇకనుంచి మనం మాట్లాడేది పార్టీ గురించి కాదు, దింపు గురించి. ఆదివారం మా తోటలో దింపు తీయిస్తున్నానని, సాయంత్రం కాయ ఎంచడానికి రమ్మని వాడికి నిన్ననే చెప్పాను. ఎంచడంలో వాడి చెయ్యి తప్పదని ఊరందరికీ తెలుసు కాబట్టి అనుమానం లేకుండా "నాలుగున్నరకి వస్తాలేరా" అన్నాడు. దింపు నిజంగానే పొద్దున్న తీయిస్తాను, కాయలు నిజంగానే రాశి పోయిస్తాను. అబద్ధం ఎంత తక్కువ ఆడితే అంత బాగా నిలబడుతుంది. మీలో ఎవరినైనా వాడు "ఏంట్రా, ఏదో ప్లాన్ వేస్తున్నారంట?" అని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "నాకేం తెలీదు, సూరిబాబుని అడుగు." దానికి ఒక్క మాట కూడా కలపకండి. నవ్వకండి. ముఖ్యంగా రమణా, నువ్వు నవ్వకు. నీకు నవ్వు మొదలైతే ఆగదు, చిన్నప్పుడు లెక్కల క్లాసులో మనందరినీ నిలబెట్టించింది ఆ నవ్వే.

ప్రసాదూ, నీకు విడిగా చెబుతున్నాను. 11వ తేదీన మీ అమ్మాయి పుట్టినరోజు. పొద్దున్న ఆరింటికల్లా సత్తిబాబు ఫోన్ చేస్తాడు. వాడి చొక్కా జేబులో ఉండే ఆ చిన్న పుస్తకం తెలుసుగా, మన పిల్లలందరి పుట్టినరోజులూ పెన్సిల్‌తో రాసుకుని, చెమటకి అట్ట మెత్తబడితే రబ్బరు బ్యాండు వేసి దాచుకుంటాడు. ఇన్నేళ్లలో ఒక్క పిల్లకీ ఫోన్ చేయడం మర్చిపోలేదు. ఆ పుస్తకంలో వాడి పుట్టినరోజు లేదు, నేను చూశాను. కాబట్టి ప్రసాదూ, ఆ పొద్దున్న ఫోను పాపకి ఇచ్చి, పాప మాట్లాడగానే పెట్టేసెయ్. నువ్వు నిద్రమత్తులో ఉంటావు, "ఆదివారం" అన్న మాట నీ నోట్లోంచి జారుతుంది.

ఫోన్ల సంగతి ఇంకోటి. చెల్లెమ్మకి ఎవరూ ఫోన్ చేయకండి, మెసేజ్ పెట్టకండి. కొట్లో డబ్బు లెక్కలకి సత్తిబాబు తన ఫోనూ ఆ ఫోనూ మార్చి మార్చి వాడతాడు. ఏం కావాలన్నా నన్ను అడగండి, నేను మా ఆవిడ ద్వారా కబురు పంపుతాను. మనిషికి 1,500 చొప్పున నాకు పంపేటప్పుడు కింద నోట్‌లో "సత్తి బర్త్‌డే" అని రాయకండి, ఖాళీగా వదిలేయండి. ఈ గ్రూపుకి కేకు బొమ్మ డీపీ పెట్టిన మహానుభావులు ఎవరో గానీ నేను తీసేసి కొబ్బరి గెల బొమ్మ పెట్టాను. దాన్ని మార్చకండి. పాత గ్రూపులో మామూలుగానే గుడ్ మార్నింగులు పెట్టుకోండి. అక్కడ ఉన్నట్టుండి అందరూ మౌనం పాటించినా వాడు పసిగడతాడు.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు శనివారం రాత్రి గౌతమి ఎక్కుతున్నారు కదా, రైల్లో సెల్ఫీలు ఎన్నైనా దిగండి, స్టేటస్ మాత్రం పెట్టకండి. రాజమండ్రి స్టేషన్ బోర్డు కనపడితే చాలు వాడికి. రాజమండ్రిలో దిగి రావులపాలెం వరకు రండి, అక్కడ మా తమ్ముడి ఇంట్లో స్నానాలు, పొట్టిక్కలు, అల్లం పచ్చడి సిద్ధంగా ఉంటాయి. మధ్యాహ్నం వాడే కార్లలో తోటకి తీసుకొస్తాడు. "ఒకసారి ఊరు చూసి వద్దాం" అని ఎవరూ అమలాపురం వెళ్లకండి. పొద్దున్నపూట గడియార స్తంభం సెంటర్‌లో కాఫీ తాగడం సత్తిబాబుకి అలవాటు, సరిగ్గా మీ ఎదురుగా నిలబడతాడు. డల్లాస్‌లో ఉన్న పద్మా, మాకు నాలుగున్నర అంటే నీకు తెల్లవారి ఐదు. అలారం పెట్టుకుని వీడియోలో రా. ముందురోజు "రేపు చిన్ననాటి స్నేహితులతో" అని ఏమీ రాయకమ్మా, నీకు దండం పెడతాను.

అందరూ మూడున్నరకల్లా తోటలో ఉండాలి. నాలుగు కాదు. డిసెంబర్‌లో ఐదున్నర దాటితే వెలుగు ఉండదు, వెలుగు ఉండగానే మనకి ఒక పని ఉంది, అది కింద చెబుతాను. బళ్లు తోట ముందు ఆపకండి, కాలవ అవతల గుడి దగ్గర పెట్టి నడిచి రండి. చెప్పులు అరుగు ముందు విప్పకండి. నలభై జతల చెప్పులు చూస్తే కాయ ఎంచడానికి వచ్చినవాడు గుమ్మం దాకా కూడా రాడు. ఇంటి వెనక వాకిట్లో తాటాకు చాప పరిపిస్తాను, చెప్పులు దాని మీద. చిన్నపిల్లలకి ఆదివారం పొద్దుట వరకు ఏమీ చెప్పకండి. ముసలివాళ్లకి కూడా. మా అమ్మకే నేను ఇంకా చెప్పలేదు, ఆవిడకి చెబితే సాయంత్రానికి కాలవగట్టు మొత్తానికి తెలుస్తుంది.

ఇప్పుడు ఆ పని. అందరూ తెల్ల చొక్కా, అమ్మాయిలు తెల్ల చీర గానీ లేత రంగుది గానీ కట్టుకుని రావాలి. ఎందుకో మీ ఇంట్లో కూడా చెప్పకండి, మీకు చెబుతున్నాను. 1991లో మనం దిగిన పదో తరగతి గ్రూప్ ఫోటో తీసి చూడండి. అందులో సత్తిబాబు లేడు. ఆ రోజు వాడికి జ్వరం అని అనుకుంటూ వచ్చాం. జ్వరం లేదు. రెండో వరసలో, ఎడమ నుంచి మూడోవాణ్ణి నేను. నా ఒంటి మీద ఉన్న తెల్ల చొక్కా వాడిది. నాకు తెల్ల చొక్కా లేదని, పంపు దగ్గర విప్పి నాకు తొడిగి, గుండీలు కూడా తనే పెట్టి, బనీనుతో వేపచెట్టు వెనక నిలబడ్డాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. ముప్పై నాలుగేళ్లు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

1996 నవంబర్ 6 తుపాను తర్వాత రోడ్ల మీద కొబ్బరిచెట్లు అడ్డంగా పడి ఉంటే, సైకిల్‌ని భుజానికెత్తుకుని మనలో ఒక్కొక్కరి ఇంటికీ వచ్చి చూసి వెళ్లినవాడు వాడు. మన పెళ్లిళ్లలో గాడిపొయ్యి దగ్గర పొగలో నిలబడ్డవాడు వాడు. ఏ ఆల్బమ్‌లోనూ సరిగ్గా కనపడడు. ఆదివారం వాణ్ణి మధ్య కుర్చీలో కూర్చోబెట్టి, అదే వరసల్లో మనం నిలబడి ఫోటో దిగుతాం. వాడికి వేయడానికి తెల్ల చొక్కా నేను కుట్టించాను, కొలత చెల్లెమ్మ ఇచ్చింది.

ఇక శిక్షలు. ఎవరి నోటి వెంట అయినా మాట జారితే, ఆ రోజు దింపిన కాయల్లో రెండొందలు పీచు వలవాలి. మిషన్ ఉండదు, గునపమే. వాళ్ల వాటా ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజా నా మేనల్లుళ్లు తినేస్తారు. రొయ్యల వేపుడు వాసన మాత్రం చూడనిస్తాను.

ఇంతవరకు నవ్వుకున్నారుగా, ఈ కింది ముక్క మాత్రం నవ్వకుండా చదవండి. ఇది అందరికీ, నాకు అత్యంత దగ్గరివాళ్లకి కూడా. భార్యకి, భర్తకి తప్ప ఇంకెవరికీ చెప్పకూడదు. "వాడు మనవాడేలే" అని కూడా చెప్పకూడదు. వాడికి ముందే తెలిసిందంటే ఈసారి నేను ఇంకో తేదీ పెట్టను, పార్టీ అక్కడితో ఆగిపోతుంది. తెలిసేలా చేసినవాళ్లు చెల్లెమ్మకి స్వయంగా ఫోన్ చేసి చెప్పుకోవాలి. మనసులో మాట దాచుకోలేని స్వభావం కొందరికి ఉంటుంది, అది తప్పు కాదు. అలాంటివాళ్లు ఈ రాత్రి నాకు విడిగా ఒక్క మాట చెప్పండి. ఏమీ అనుకోను. గ్రూపులోంచి తీసేసి, ఆదివారం పొద్దున్న నేనే వచ్చి కారెక్కించుకుంటాను. వాళ్ల పళ్లెం, వాళ్ల వరసలో చోటు అలాగే ఉంటాయి. చెప్పకుండా గ్రూపులో ఉన్నారంటే మాత్రం మాట ఇచ్చినట్టే.

ఈ మెసేజ్‌ని ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి, స్క్రీన్‌షాట్ తీయకండి. చదివినవాళ్లు ఈ రాత్రి పదిలోపు "కాయ ఎంచాను" అని రాయండి. అంతే రాయండి, పూలు, కేకులు, బెలూన్లు వద్దు. నేను పోను మిగతా 22 జవాబులు వచ్చేదాకా నేను పడుకోను. పదిన్నరకి రాయనివాళ్లకి ఫోన్ చేస్తాను.

తెల్ల చొక్కా బీరువాలోంచి ఇప్పుడే తీసి చూసుకోండి, మెడ దగ్గర పసుపు పట్టి ఉంటే ఉతికించడానికి టైం ఉంది.

సూరిబాబు