మూడో తరగతి బాబు ప్రవర్తన పరిశీలన ప్రణాళిక: ముందు, ప్రవర్తన, తర్వాత

ఎక్కడ: గుంటూరు, మన ప్రాథమిక పాఠశాల, మూడో తరగతి గది
ఎప్పుడు: ఫిబ్రవరి రెండో, మూడో వారాలు
పరిశీలకులు: నేను (భవిత కేంద్రం రిసోర్స్ టీచర్), నాలుగో తరగతి మాస్టారు
ఈ కాగితం ఎవరి దగ్గర ఉండాలి: ప్రధానోపాధ్యాయురాలు, మూడో తరగతి మేడం, మాస్టారు, నేను. మరెవరికీ ఇవ్వవద్దు. చార్టుల మీద పిల్లవాడి పేరు రాయం, "బాబు" అని మాత్రమే రాస్తాం.

ఎందుకు చూస్తున్నాం

బాబుకు ఎనిమిదేళ్లు. పాఠం నడుస్తుండగా లేచి వెళ్లిపోతున్నాడని, చేతిలో ఉన్నది విసురుతున్నాడని మేడం గారు చెప్పారు. స్టాఫ్ రూములో "మొండివాడు", "కోపం ఎక్కువ", "ఇంట్లో గారాబం" అనే మాటలు వినిపించాయి. చెప్పినవారందరూ బాబు బాగు కోరేవారే. కానీ ఆ మాటలు పట్టుకుని రేపు తరగతిలో ఏం మార్చాలో తేల్చుకోలేం. మనకు తెలియాల్సింది వేరు: లేవడానికి సరిగ్గా ముందు ఏం జరుగుతోంది? లేచాక అతనికి ఏం దొరుకుతోంది, ఏది తప్పుతోంది?

ముందు, ప్రవర్తన, తర్వాత అనే ఈ మూడు గడుల పద్ధతి కొత్తది కాదు. సిడ్నీ బిజూ, రాబర్ట్ పీటర్సన్, మారియన్ ఆల్ట్ 1968లో ప్రచురించిన పరిశోధనా పత్రంలో దీన్ని వివరించారు. కాగితం, పెన్ను, గడియారం ఉంటే ఏ బడిలోనైనా చేయవచ్చు. కష్టమల్లా కంటికి కనిపించినదే రాయడంలో ఉంది.

మొదలుపెట్టే ముందు రెండు పనులు పూర్తవ్వాలి. మొదటిది తల్లి అనుమతి. మిర్చి సీజన్ కావడంతో ఆమె తెల్లవారకముందే యార్డుకు వెళ్తున్నారు. అందుకని ఆదివారం నేను, మేడం గారు వాళ్ల ఇంటికి వెళ్లి, ఏం రాస్తామో, ఆ కాగితాలు ఎవరు చూస్తారో చెప్పి సంతకం తీసుకుంటాం. అమ్మమ్మను కూడా కూర్చోబెట్టుకుందాం, ఈ రెండు నెలలూ బాబును బడికి తయారుచేసి పంపేది ఆవిడే. రెండోది కళ్లు, చెవుల పరీక్ష. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం వచ్చినప్పుడు బాబు బడికి వచ్చాడో లేదో హాజరు పట్టీలో చూడండి. రాకపోయి ఉంటే ముందు ఆ పరీక్ష చేయిద్దాం. బోర్డు మీది అక్షరాలు కనిపించని పిల్లవాడు లేచి ముందుకు నడిస్తే దాన్ని మనం క్రమశిక్షణ లేకపోవడంగా రాసుకోకూడదు.

ఏ ప్రవర్తన రాస్తాం

రెండే రెండు. అంతకు మించితే పరిశీలకుడి చూపు చెదురుతుంది.

చోటు వదలడం: టీచర్ అనుమతి లేకుండా బెంచీ మీద నుంచి లేచి, తన బెంచీకి ఒక అడుగుకు మించిన దూరంలో మూడు సెకన్లు లేదా ఎక్కువసేపు ఉండటం. తిరిగి కూర్చోవడంతో ఆ ఘటన ముగిసినట్లు. మళ్లీ లేస్తే అది రెండో ఘటన. చెత్తబుట్ట దగ్గర పెన్సిలు చెక్కుకోవడానికి అడిగి వెళ్తే ఇందులోకి రాదు. బెంచీ దగ్గరే నిలబడి రాసుకుంటున్నా రాదు.

విసరడం: చేతిలోని వస్తువు చేతిని వదిలి కనీసం ఒక మూర దూరం గాల్లో వెళ్లడం. ఎవరికీ తగలకపోయినా రాయాలి. పెన్సిలు జారి పడితే, పక్కవాడు అడిగిన రబ్బరును అతని చేతికి అందిస్తే రాయకూడదు.

"అల్లరి చేశాడు", "విసుక్కున్నాడు" అనే మాటలు చార్టులో కనిపించకూడదు. ఇద్దరు వేర్వేరు మూలల నుంచి చూసి ఒకే సమాధానం చెప్పగలిగే మాటలే కావాలి.

ఏ సమయంలో చూస్తాం

మేడం గారు గత వారం పీరియడ్లవారీగా టిక్కులు పెట్టి ఇచ్చిన కాగితం నాకు చాలా ఉపయోగపడింది. టిక్కులు ఎక్కువగా ఇంగ్లీషు పీరియడ్‌లోను, భోజనం తర్వాతి మొదటి పీరియడ్‌లోను ఉన్నాయి. తెలుగులో దాదాపు లేవు. అలాగని ఇంగ్లీషు పీరియడ్ ఒక్కటే చూస్తే సరిపోదు. బాబు కుదురుగా కూర్చునే సమయాన్ని కూడా అదే కాగితం మీద, అదే శ్రద్ధతో రాయాలి. అక్కడ ఏం భిన్నంగా ఉందో తెలిస్తేనే ఇక్కడి సంగతి అర్థమవుతుంది.

ఈ రెండు వారాల్లో మొదటి వారం సోమ, మంగళవారాల్లో నేను, మాస్టారు వచ్చి గది వెనుక కూర్చుంటాం. ఆ రెండు రోజులు రాసినది లెక్కలోకి తీసుకోం. కొత్తవాళ్లు గదిలో ఉంటే పిల్లలందరూ మారిపోతారు, ఆ వింత తగ్గనివ్వాలి. బుధ, గురువారాల్లో ఐదో తరగతిలో ఈ రెండు నిర్వచనాలతోనే మేమిద్దరం సాధన చేస్తాం.

రెండో వారం సోమవారం నుంచి శుక్రవారం వరకు అసలు పరిశీలన. రోజూ ఇంగ్లీషు పీరియడ్‌లో 20 నిమిషాలు. దానితోపాటు సోమ, బుధ, శుక్రవారాల్లో తెలుగు, మంగళ, గురువారాల్లో భోజనం తర్వాతి పీరియడ్, ఒక్కోటి 20 నిమిషాలు. మొత్తం పది విడతలు. వాటిలో నాలుగింటికి మాస్టారు కూడా వస్తారు: సోమ, గురువారాల ఇంగ్లీషు, మంగళవారం మధ్యాహ్నం, బుధవారం తెలుగు. ఆ 20 నిమిషాలు నాలుగో తరగతిని చూసుకుంటామని ప్రధానోపాధ్యాయురాలు మాట ఇచ్చారు.

నేను కిటికీ వైపు వెనుక మూలలో, మాస్టారు తలుపు వైపు మూలలో కూర్చుంటాం. ఒకరి కాగితం ఒకరికి కనిపించకూడదు, మధ్యలో మాట్లాడుకోకూడదు. చేతి గడియారాలు ఉదయమే కలుపుకుంటాం. ఫోనుతో వీడియో, ఫొటో తీయం. బాబు దగ్గరకు వచ్చి "ఏం రాస్తున్నారు సార్?" అని అడిగితే "తరగతి ఎలా నడుస్తుందో రాసుకుంటున్నాం నాన్నా" అని చెప్పి పనిలో పడదాం.

చార్టు నింపే తీరు

"ముందు" గడిలో ప్రవర్తనకు ముందు 30 సెకన్లలో జరిగినది, "తర్వాత" గడిలో ఆ ప్రవర్తన మొదలైన తర్వాతి 30 సెకన్లలో జరిగినది రాయాలి. టీచర్ ఏం చేశారు, పక్క పిల్లలు ఏం చేశారు, చేస్తున్న పని ఏమైంది అనే మూడూ చూడాలి. ఎవరూ ఏమీ చేయకపోతే "ఎవరూ పట్టించుకోలేదు" అని రాయాలి, ఖాళీగా వదలవద్దు. సాధన కోసం నేను ఊహించి నింపిన వరుసలు ఇవి:

| సమయం | ముందు | ప్రవర్తన | తర్వాత |
|---|---|---|---|
| 10:42 | "తర్వాతి వాక్యం నువ్వు చదువు" అని టీచర్ బాబుతో అన్నారు | చోటు వదలడం, 40 సెకన్లు, కిటికీ దగ్గరకు | టీచర్ రెండుసార్లు పిలిచారు. ఆ వాక్యం పక్క అమ్మాయి చదివింది |
| 10:49 | బోర్డు మీది ఐదు మాటలు రాసుకోమని అందరికీ చెప్పారు | విసరడం, రబ్బరు, ముందు బెంచీ వైపు | ఇద్దరు పిల్లలు నవ్వారు, టీచర్ చూడలేదు, బాబు రాయలేదు |
| 10:55 | టీచర్ వేరే వరుసలో నోటుపుస్తకాలు దిద్దుతున్నారు. బాబుకు పని లేదు | చోటు వదలడం, 15 సెకన్లు | ఎవరూ పట్టించుకోలేదు. తానే వచ్చి కూర్చున్నాడు |

మొదటి వరుసలో "చదవడం ఇష్టం లేక లేచాడు" అని రాసి ఉంటే ఆ వరుస పనికిరాదు. అది మన ఊహ. అదే నిజం కావచ్చు, కానీ తేల్చాల్సింది వారం చివర వరుసలన్నీ పక్కపక్కన పెట్టుకున్నప్పుడు.

చార్టు పైభాగంలో "ఈ రోజు సంగతి" అని ఒక గీత ఉంటుంది. ఉదయం తిని వచ్చాడా, రాత్రి ఎప్పుడు పడుకున్నాడు, అమ్మ ఇంట్లో ఉన్నారా అన్నవి అమ్మమ్మను అడిగి మేడం గారు అక్కడ రాస్తారు. ఇవి 30 సెకన్ల ముందు జరిగినవి కావు, అయినా ఒకే సూచనకు బాబు సోమవారం ఒకలా, గురువారం మరోలా స్పందించడానికి కారణం అక్కడ దొరకవచ్చు.

రెండో కాగితం: సందర్భాల లెక్క

నా దృష్టిలో ఈ ప్రణాళికకు ప్రాణం ఇదే. మామూలు చార్టులో ప్రవర్తన జరిగిన క్షణాలే పడతాయి. దాంతో "లేచిన ప్రతిసారీ ముందు చదవమని చెప్పారు" అని కనిపిస్తుంది. ఇంగ్లీషు పీరియడ్ అంతా చదవమనే చెబుతుంటే అందులో వింత ఏముంది? అందుకే పరిశీలకుడు రెండో కాగితం మీద నాలుగు సందర్భాలు ఎన్నిసార్లు వచ్చినా గీత పెట్టాలి: ఒక్కడినీ చదవమనడం, అందరితో కలిసి చదవమనడం, రాయమనడం, పని లేకుండా ఉండటం. పని లేని సమయం ఒక నిమిషం దాటితే ఒక గీత. 30 సెకన్లలోపు ప్రవర్తన వస్తే ఆ గీతకు సున్నా చుట్టాలి.

ఉదాహరణకు వారం చివర ఒక్కడినీ చదవమన్నది 12 సార్లు, సున్నా చుట్టినవి 9, అందరితో చదవమన్నది 15 సార్లు, సున్నా చుట్టినవి 1 అని తేలిందనుకోండి. అప్పుడు చదవడం మొత్తం కాదు, ఒంటరిగా నలుగురిలో చదవడం దగ్గర చిక్కు ఉందని అనుమానించవచ్చు. భాషా పుస్తకాలు కాని మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉంటుంది కాబట్టి ఏ పేజీ చదవమన్నారో కూడా గీత పక్కన "ఇం" లేదా "తె" అని గుర్తుపెడదాం.

ఇద్దరి రాతలు కలుస్తున్నాయా

విడత అవగానే, ఒకరితో ఒకరు చర్చించక ముందే కాగితాలు నాకు ఇవ్వాలి. మొత్తం సంఖ్యలు పోల్చితే మోసపోతాం: ఇద్దరం ఏడేసి రాసినా అవి వేర్వేరు ఏడు కావచ్చు. అందుకని 20 నిమిషాలను నిమిషానికో గడిగా విడదీసి పోలుద్దాం. ఇద్దరం ఖాళీగా వదిలినవి 13, ఇద్దరం గుర్తుపెట్టినవి 4, తేడా వచ్చినవి 3 అయితే 17/20, అంటే 85 శాతం. వినడానికి బాగుంది, కానీ అందులో ఎక్కువ భాగం ఏమీ జరగని నిమిషాలదే. కనీసం ఒకరైనా గుర్తుపెట్టిన 7 నిమిషాలే తీసుకుంటే 4/7, అంటే 57 శాతం. నేను ఈ రెండో లెక్కనే నమ్ముతాను. అది 80 శాతానికి తగ్గితే ఆ సాయంత్రమే నిర్వచనం మళ్లీ చదువుకుని, ఎక్కడ విడిపోయామో చూసుకుందాం. ఇద్దరూ గుర్తించిన ఘటనల్లో "ముందు", "తర్వాత" గడులు కలిశాయో లేదో వేరుగా చూస్తాం. రాసిన కాగితాన్ని దిద్దకూడదు, తేడా తేడాగానే ఉండాలి.

సోమవారం ఉన్న నిర్వచనం గురువారానికి మన మనసులో కొద్దిగా జారుతుంది. అందుకే మాస్టారు వచ్చే విడతలను వారం పొడవునా పంచాం.

మేడం గారికి ఒక మాట

ఈ వారం మీరు రోజూ చేసేదే చేయండి. మేం చూస్తున్నామని బాబును ఎక్కువగా పిలవడం గానీ, అసలు పిలవకపోవడం గానీ వద్దు. మీ మాటలు చార్టులో వస్తాయి, ఎందుకంటే ఆ గదిలో బాబు చుట్టూ జరిగే వాటిలో మీరే ముఖ్యం. అది మీ బోధన మీద తీర్పు కాదు. ఈ కాగితాలను మీ పనితీరు నివేదికల్లో వాడబోమని ప్రధానోపాధ్యాయురాలు ఒప్పుకున్నారు. కొట్టడం, అవమానించడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషేధం. పక్క పిల్లల నుంచి అలాంటిది ఎదురైనా, విసిరిన వస్తువు ఎవరికైనా తగిలేలా ఉన్నా నేను పెన్ను పక్కన పెట్టి లేస్తాను, ఆ విడత అక్కడితో ఆపేస్తాం.

శనివారం

మధ్యాహ్నం మూడున్నరకు నలుగురం కూర్చుంటాం. పది చార్టులు, పది సందర్భాల కాగితాలు, మాస్టారి నాలుగు జతలు బల్ల మీద ఉండాలి. తరచుగా కలిసి వస్తున్న "ముందు, తర్వాత" జంటలు వెతుకుదాం: పని తప్పుతోందా, ఎవరి దృష్టి అయినా దొరుకుతోందా, కావలసిన వస్తువు అందుతోందా, లేక ఎవరి ప్రమేయం లేకుండా కదలికే అతనికి హాయినిస్తోందా. తేలినదాన్ని అనుమానం అనే పిలుద్దాం. పరిశీలన కారణాన్ని రుజువు చేయదు, ఏ వైకల్యం పేరూ పెట్టదు. ఆ అనుమానం సరైనదో కాదో చూడటానికి ఆ పై వారం ఒక్క చిన్న మార్పు, ఉదాహరణకు ఒంటరిగా చదివించే బదులు జంటగా చదివించడం, చేసి ఇదే చార్టు మళ్లీ నింపుతాం. ఆదివారం ఉదయం తల్లికి, అమ్మమ్మకు మనం చూసినది వాళ్లకు అర్థమయ్యే మాటల్లో మేడం గారు, నేను వెళ్లి చెబుతాం.