వాక్యానికి తగిన పాట, సంఘం పాడగలిగే పాట

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. కూర్చోండి. కీబోర్డు, తబలా కాసేపు పక్కన పెట్టండి. ఈ రోజు క్వయర్ ప్రాక్టీసులో ముందు కాసేపు మాట్లాడుకుని, తర్వాత పాడదాం.

మనం పాటలు ఎలా ఎంచుకుంటున్నామో మీకు తెలియంది కాదు. శనివారం రాత్రి పొద్దుపోయాక గ్రూపులో ఎవరో ఒక యూట్యూబ్ లింకు పెడతారు. "అక్కా, ఇది చాలా బాగుంది, రేపు పాడేద్దాం" అంటారు. ఇంకొకరు స్కేలు ఏంటని అడుగుతారు. పొద్దున్నే చర్చికి వచ్చి రెండుసార్లు అనుకుని పాడేస్తాం. అయ్యగారు ఏ వాక్యభాగం మీద మాట్లాడతారో ఆ హడావిడిలో ఎవరికీ గుర్తు రాదు. మన పాటలో ఒక కబురు, ఆయన ప్రసంగంలో ఇంకో కబురు. వినేవాళ్లు ఏది ఇంటికి తీసుకెళ్లాలి?

వచ్చే ఆదివారం వాక్యభాగం అయ్యగారు ముందే చెప్పారు. హబక్కూకు మూడో అధ్యాయం, 16 నుంచి 19 వరకు. బైబిళ్లు తీయండి. చిన్నీ, 17, 18 వచనాలు గట్టిగా చదువమ్మా.

"అంజూరపు చెట్లు పూయకుండినను ద్రాక్షచెట్లు ఫలింపకపోయినను ఒలీవచెట్లు కాపులేకయుండినను చేనిలోని పైరు పంటకు రాకపోయినను గొఱ్ఱెలు దొడ్డిలో లేకపోయినను సాలలో పశువులు లేకపోయినను నేను యెహోవాయందు ఆనందించెదను."

చాలు. ఇప్పుడు ఏ పాట పాడదామంటే మీలో సగం మంది సంతోషం పాటలు చెబుతారు. ఆనందించెదను అని ఉంది కదా, చప్పట్లు కొట్టి గంతులేసే పాట తీద్దాం అంటారు. ఒక్క మాట పట్టుకుని పాట వెతికితే ఇదే జరుగుతుంది. వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడికి చేరిందో చూడాలి. 16వ వచనంలో హబక్కూకు ప్రవక్త పెదవులు వణుకుతున్నాయి, కాళ్లలో సత్తువ లేదు. శత్రువులు దేశం మీదికి వస్తున్నారని తెలుసు. తర్వాతి వచనంలో ఆరు నష్టాలు లెక్కపెడుతున్నాడు. అంజూరం, ద్రాక్ష, ఒలీవ, పైరు, గొర్రెలు, పశువులు. రైతు ఇంట్లో ఇంకేం మిగిలింది? ఇవన్నీ చెప్పాకే ఆనందిస్తానంటున్నాడు. పుస్తకం మొదట్లో ఇదే మనిషి "నేను మొఱ్ఱపెట్టినను నీవెన్నాళ్లు ఆలకింపకుందువు" అని దేవుణ్ణి నిలదీశాడు. అక్కడినుంచి ఇక్కడికి వచ్చిన సంతోషం ఇది. దీనికి డ్రమ్ ప్యాడ్స్ మోత పెట్టి పాడితే ఆ వణుకంతా మాయమైపోతుంది.

ఇంకో సంగతి. ఈ అధ్యాయం చివర చూడండి, ప్రధానగాయకునికి తంతివాద్యములతో పాడదగినది అని ఉంది. అంటే ఇది మనలాంటి వాళ్ల చేతికి ఇచ్చిన పాటే. పంట పోయిన రోజు కూడా గాయకులకు పని ఉందన్నమాట.

మన సంఘంలో ఎవరెవరు కూర్చుంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. కోతలకు ముందు వానకి చేలు పడిపోయి, మొలకెత్తిన ధాన్యం తీసుకెళ్తే కొనేవాడు లేక తిరిగొచ్చిన వాళ్లు మన చాపల మీద, కుర్చీల్లో ఉంటారు. కౌలు డబ్బు మాత్రం కట్టాల్సిందే. వాళ్ల ముందు నిలబడి, ప్రభువుని నమ్మితే నీకు కొదువే ఉండదు, కొట్లు నిండిపోతాయి అనే పాట పాడామనుకోండి. పది నిమిషాల తర్వాత అయ్యగారు పైరు పంటకు రాకపోయినను అని చదువుతారు. మన పాట ఆయన వాక్యాన్ని కాదన్నట్టే కదా. రాగం ఎంత బాగున్నా ఆ పాట ఆ రోజుకి వద్దు. కానుకల సమయంలో పాడే పాట మరీ జాగ్రత్తగా చూడండి. ఇస్తే రెట్టింపు వస్తుందనే చరణాలు కొన్నిటిలో ఉంటాయి. ఆ ఒక్క చరణం వదిలేసి మిగతాది పాడొచ్చు, లేదా వేరే పాట తీసుకోవచ్చు.

దుఃఖం పాటలు మన నోటు పుస్తకాల్లో ఎన్ని ఉన్నాయో ఒకసారి తిరగేయండి. కీర్తనల గ్రంథంలో సుమారు మూడో వంతు మొర పెట్టే కీర్తనలే. మనం మాత్రం స్తుతి, స్తుతి, మళ్లీ స్తుతి. మొర పెట్టే పాట పాడితే విశ్వాసం తక్కువని అనుకోవద్దు. దావీదు పాడాడు, హబక్కూకు పాడాడు.

కాబట్టి వచ్చే ఆదివారానికి నా ఆలోచన ఇది. ఆరాధన మొదట్లో దేవుని గొప్పతనం చెప్పే పాత కీర్తన ఒకటి, అందరికీ నోటికి వచ్చింది. ఇదే అధ్యాయం మూడో వచనంలో ఆయన మహిమ ఆకాశమంతటా కనబడుతోంది, దానికి సరిపోతుంది. ప్రసంగానికి ముందు నెమ్మదైన మొర పాట. అందులో దేవునితోనే నేరుగా మాట్లాడాలి, ఆయన గురించి చెప్పే పాట కాకుండా చూడండి. ప్రసంగం అయ్యాక పాడేది అన్నిటికన్నా ముఖ్యం. అప్పుడు సంఘం వాక్యానికి జవాబు ఇస్తుంది. నిన్నే నమ్ముకున్నాను అనే అర్థం ఉన్న పాట కావాలి. దానికి నిమిషం పాటు మ్యూజిక్ బిట్ వాయించొద్దు. అయ్యగారు ఆమెన్ అనగానే ఒక్క శృతి పట్టి, గొంతులతోనే ఎత్తుకోండి. రెండో చరణం నుంచి తబలా రావచ్చు. ఏ పాటలు తీసుకున్నా ముందు సాహిత్యం మొత్తం అయ్యగారికి పంపాలి. పల్లవి ఒక్కటే పంపితే లాభం లేదు, తేడా ఎప్పుడూ చరణంలోనే వస్తుంది.

ఇక సంఘం పాడగలదా అనే విషయం. ఇది మీకు కొంచెం కష్టంగా ఉంటుంది, ఎందుకంటే మీ అందరి గొంతులూ బాగుంటాయి.

మనం కొత్త పాట ఎత్తుకున్నప్పుడు ఆడవాళ్ల వైపు మూడో వరస చూడండి. పల్లవి వరకు పెదాలు కదులుతుంటాయి. చరణంలో గొంతు పైకి లేవగానే పుస్తకం మూసేసి, పేజీ పోకుండా వేలు మధ్యలో పెట్టుకుని, మన వైపు చూస్తూ కూర్చుంటారు. పల్లవి మళ్లీ వస్తే తెరుస్తారు. మగవాళ్లయితే అప్పటికే ఫ్యాన్ వైపు చూస్తుంటారు. వాళ్లకి పాడాలని లేక కాదు, ఆ స్థాయి అందక.

రికార్డింగులో ఆ పాట పాడింది ఒక్క సింగర్. ఆమె గొంతుకి తగ్గట్టు స్కేలు పెట్టుకుంది. మన పెద్దమ్మలకి ఆ స్కేలు ఎందుకు? కీబోర్డులో మధ్య సి నుంచి పై సి వరకు మామూలు ఆడగొంతులన్నీ హాయిగా పాడతాయి. పై డి వరకు ఫర్వాలేదు. 'ఈ' స్వరం దాటిందంటే క్వయర్ తప్ప ఎవరూ ఉండరు. మగవాళ్లు అవే స్వరాలు ఒక స్థాయి కింద పాడుకుంటారు. అందుకని పాట విన్నప్పుడు పల్లవి స్కేలు చూసి ఆగిపోకండి. చరణంలో అన్నిటికన్నా పైనున్న స్వరం ఏదో కీబోర్డు మీద పట్టుకోండి. అది ఎఫ్ అయితే మూడు మెట్లు దించితే డి అవుతుంది. కింద కూడా చూసుకోవాలి. సి నుంచి మొదలయ్యే పాట మూడు మెట్లు దించితే కింద 'ఏ' స్వరం దాకా పోతుంది, అది ఇంకా అందుతుంది. దానికన్నా కిందికి పోతే ఆడవాళ్ల గొంతు వినబడదు. పైనా కిందా రెండూ అందని పాట ఉంటే అది స్పెషల్ సాంగ్‌గా పాడుకోండి, తప్పేం లేదు. సంఘంతో పాడించే పాట మాత్రం కాదు. పెన్ డ్రైవ్‌లో ట్రాక్ వేసుకుంటే అది ఉన్న స్కేలులోనే పాడాలి, అందుకే ఆదివారం ఆరాధనలో ట్రాక్ వద్దంటున్నాను. పొద్దున మొదటి పాటకి గొంతులు ఇంకా తెరుచుకోవు, దాన్ని ఇంకో మెట్టు తగ్గించినా మంచిదే.

సంగతులు వేయడం మీకు వచ్చు, నాకు తెలుసు. పల్లవి మొదటి రెండుసార్లు మాత్రం నేరుగా, ఒక్కలాగే పాడండి. లీడ్ సింగర్ ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా తిప్పితే సంఘం ఎటు వెళ్లాలో తెలియక ఆగిపోతుంది. మైకులో మీ గొంతు మీకు బాగా వినబడుతుంటే సౌండ్ తగ్గించమని చెప్పండి. మీకు జనం గొంతు వినబడాలి.

మన సంఘంలో చదవడం రాని వాళ్లున్నారు, చూపు ఆనని వాళ్లున్నారు. వాళ్లకి స్క్రీన్ మీద ఎన్ని అక్షరాలు వేసినా ఉపయోగం లేదు. పాత కీర్తనలు ఇన్ని తరాలు ఎలా నిలిచాయో ఆలోచించండి. పురుషోత్తమ చౌదరి గారు 1803లో పుట్టిన మనిషి. ఆయన రాసినవి ఈ రోజుకీ పాడుకుంటున్నాం. చిన్న పల్లవి, ప్రతి చరణం తర్వాత అదే తిరిగి వస్తుంది. చరణం రానివాడు కూడా పల్లవి దగ్గర కలుస్తాడు. కీర్తనల పుస్తకంలో పైన రాగం, తాళం రాసి ఉంటాయి, మనవాళ్లు వాటిని చూడనే చూడరు. ఏది నెమ్మదిగా నడిచేదో, ఏది ఉత్సాహంగా సాగేదో అక్కడే తెలిసిపోతుంది.

కొత్త పాటలు వద్దని నేను అనడం లేదు. యవనస్థులకి కొత్తవి కావాలి, కొన్ని చాలా లోతైనవి కూడా వస్తున్నాయి. నెలకి ఒక్కటి చాలు. మొదటి వారం ఆరాధనకి ముందు పల్లవి ఒక్కటే నేర్పించండి. రెండో వారం స్త్రీల సమాజంలో మొత్తం పాడించండి, వాళ్లకి వస్తే సంఘానికి వచ్చినట్టే. అప్పుడు ఆరాధనలో పెట్టండి, పెట్టాక వరసగా మూడు నాలుగు ఆదివారాలు పాడండి. మీకు విసుగు పుట్టే సమయానికి వాళ్లకి నోటికి వస్తుంది.

సోమవారం రాత్రికల్లా ఒక్కొక్కరు రెండు పాటలు చెప్పండి. ఒకటి ప్రసంగానికి ముందు పాడే మొర పాట, ఒకటి తర్వాత పాడేది. లింకు వద్దు. సాహిత్యం టైపు చేసి, వాక్యభాగంలో ఏ వచనానికి అది సరిపోతుందో ఒక్క ముక్క రాయండి. చరణంలో పై స్వరం ఏదో కూడా రాయాలి. మంగళవారం అయ్యగారితో కూర్చుని ఖాయం చేస్తాను. బుధవారం నుంచి ప్రాక్టీసు.

సరే, కీబోర్డు ఆన్ చెయ్యి తమ్ముడూ. పోయిన వారం మొదట్లో పాడిన కీర్తనే ఎత్తుకుందాం. రికార్డింగు స్కేలు కాదు, రెండు మెట్లు దించి ఇవ్వు. మగపిల్లలు మైకులు లేకుండా వెనక కుర్చీల్లో కూర్చుని పాడండి, అక్కడినుంచి పై స్వరం అందుతుందో లేదో చెప్పండి.