స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్: ఎంటెక్, జలవనరుల ఇంజనీరింగ్

కమిటీ సభ్యులకు నమస్కారం.

ముందు మార్కుల సంగతి చెప్పేస్తాను. బీటెక్ సివిల్‌లో నాకు వచ్చింది 58.4 శాతం. నాలుగేళ్ల కోర్సుకి ఐదేళ్లు పట్టింది, మొత్తం ఏడు సబ్జెక్టులు తప్పాను, అందులో ఫ్లూయిడ్ మెకానిక్స్ అయితే రెండుసార్లు పోయింది, మొదటిసారి ఎక్స్‌టర్నల్‌లో 17, రెండోసారి 21. జలవనరుల్లో ఎంటెక్ చేస్తానంటున్నవాడు నీళ్ల సబ్జెక్టే రెండుసార్లు తప్పాడంటే ఎవరికైనా నవ్వొస్తుంది. మార్కుల షీటు చూడగానే మీరు అడిగేది అదే కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను. తెలుగులోనైనా రాయొచ్చని దరఖాస్తులో చూశాక ధైర్యంగా తెలుగులోనే రాస్తున్నాను.

మాది కోనసీమ, ఉప్పలగుప్తం మండలం. మా ఊరి నుంచి సముద్రం నాలుగు కిలోమీటర్లు ఉంటుంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం, 2016లో 8.3 జీపీఏ వచ్చింది. ఇంటర్‌లో ఇంగ్లిష్ మీడియంకి మారాను, 71 శాతంతో గట్టెక్కాను. ఇంజనీరింగ్‌లో చేరాక మొదటి ఏడాదంతా పాఠం వినడం, దాన్ని మనసులో తెలుగు చేసుకోవడం, ఈలోగా బోర్డు తుడిచేయడం, ఇదే వరస. రెండో ఏడాది సగంలో కరోనా వచ్చింది, మేడ మీదికెక్కితేగాని సిగ్నల్ అందని ఊళ్లో ఆన్‌లైన్ క్లాసులు. ఇవన్నీ నిజాలే. కానీ తప్పిన ఏడు సబ్జెక్టులకీ ఇవే కారణమంటే అబద్ధమాడినట్టే. ఒక రెండు సబ్జెక్టులు శుద్ధ బద్ధకం వల్ల పోయాయి, పరీక్షకి ముందు వారం రోజుల్లో చదివేయొచ్చులే అనుకున్నాను, చదవలేకపోయాను. గేట్‌లో కూడా అర్హత మార్కు దాటానంతే, ర్యాంకు చెప్పుకునేంత గొప్పది కాదు.

2023లో చివరి బ్యాక్‌లాగ్ పూర్తయ్యాక, డ్రెయిన్ల పూడిక తీసే ఒక కాంట్రాక్టరు దగ్గర సైట్ సూపర్‌వైజరుగా చేరాను. జీతం తక్కువే, పని మాత్రం మా ఇంటికి ఇరవై కిలోమీటర్ల లోపే. పొక్లెయిన్ వెనకాల నిలబడి ఎన్ని క్యూబిక్ మీటర్ల మట్టి లేచిందో రాసుకోవడం నా డ్యూటీ. నాకు మ్యానింగ్ సూత్రం అర్థమైంది ఆ గట్టు మీదే.

V = (1/n) R^(2/3) S^(1/2)

పరీక్షలో ఆ n విలువ ప్రశ్నలోనే ఇచ్చేస్తారు, అందులో వేసి లెక్క చేయడమే మన పని. డ్రెయిన్ దగ్గర n అంటే గుర్రపుడెక్క. శుభ్రంగా ఉన్న మట్టి కాలువకి 0.025 దాకా వేసుకుంటాం, గుర్రపుడెక్క ఒడ్డు నుంచి ఒడ్డుకి అల్లుకుపోతే అది మూడింతలు దాటినా ఆశ్చర్యం లేదు. n మూడింతలైతే, అదే లోతులో అదే వాలులో నీటి వేగం మూడో వంతుకి పడిపోతుంది. మా డెల్టాలో వాలు అసలే అంతంతమాత్రం. అంటే పైన నాలుగు రోజుల్లో లాగాల్సిన ముంపు నీరు పన్నెండు రోజులు నిలబడుతుంది, అప్పటికి సార్వా నాట్లు కుళ్లిపోతాయి. రెండుసార్లు తప్పిన సబ్జెక్టుని నేను మళ్లీ తెరిచింది పూడిక పని మధ్యాహ్నం ఆగినప్పుడు చెట్టు కింద కూర్చుని, ఎవరూ పరీక్ష పెట్టని రోజుల్లో.

మా వైపు కాటన్ దొర విగ్రహం లేని ఊరు తక్కువ. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, అప్పటి నుంచి నీళ్లు ఎలా వస్తాయన్నదానికి డెల్టాలో జవాబుంది. నీళ్లు ఎలా పోతాయన్నది మాత్రం శివారు రైతుకి ఏటా కొత్తగా వచ్చే ప్రశ్నే. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి సార్వా వేయకుండా వదిలేసినప్పుడు నాకు పదేళ్లు. గిట్టుబాటు ధర గురించి పెద్దవాళ్లు మాట్లాడింది అర్థం కాలేదు గానీ, డ్రెయిన్లు బాగుచేయండి అన్న మాట మాత్రం అప్పట్నుంచే చెవిలో ఉంది. 2022 జులై వరదకి ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది, అప్పుడు మా చేలో నీరు తీయడానికి ఎన్ని రోజులు పట్టిందో నాన్న ఇప్పటికీ చెబుతుంటాడు.

నన్ను ఈ దరఖాస్తు దాకా తెచ్చింది మాత్రం ముంపు కాదు, ఉప్పు. నాన్న రెండెకరాలు కౌలుకి చేస్తాడు. దాళ్వాలో కాలువ నీరు శివారుకి అందక డ్రెయిన్‌లో ఇంజన్ పెట్టి తోడుకుంటారు, ఆ నీళ్లు పెట్టిన చేను కొసలు ఎర్రబడి ఎండిపోతుంది. దీనికి ఊళ్లో అందరూ చెప్పే కారణం ఒకటే, వనామీ చెరువులు. మా మావయ్యకి మూడెకరాల చెరువులున్నాయి. ఆయన మాత్రం సముద్రపు పోటు ఎగదన్నుతోంది, మా చెరువులేం చేశాయి అంటాడు. పండక్కి ఒకే అరుగు మీద కూర్చుని నాన్నా మావయ్యా ఈ గొడవే పడుతుంటే, కొలిస్తే తేలిపోతుంది కదా అనిపించింది. 2,400 రూపాయలు పెట్టి చేతిలో పట్టుకునే ఈసీ మీటరు కొన్నాను. నీళ్లలో కరిగిన ఉప్పు ఎంత ఎక్కువైతే కరెంటు అంత బాగా ప్రవహిస్తుంది, మీటరు చూపేది అదే.

2023 నవంబరు నుంచి ప్రతి ఆదివారం, అవుట్‌ఫాల్ స్లూయిజ్ నుంచి పైకి ఆరు కిలోమీటర్లలో ఏడు చోట్ల కొలవడం మొదలుపెట్టాను. మూడు నెలలు శ్రద్ధగా రాశాను, గ్రాఫులు కూడా గీశాను, చూస్తే అర్థం పర్థం లేకుండా ఎగుడుదిగుడులు. ఒక వారం స్లూయిజ్ దగ్గర 4 మిల్లీసీమెన్లు, మరో వారం అదే చోట 19. మీటరు పాడైందనుకుని 1413 మైక్రోసీమెన్ల ద్రావణం తెప్పించి క్యాలిబ్రేట్ చేశాను, మీటరు బాగానే ఉంది. వలలు ఆరేసుకుంటున్న ఒక పెద్దాయన నా అవస్థ చూసి, "పోటో పాటో చూసుకోకుండా ఉప్పు కొలిస్తే ఏం తెలుద్ది అబ్బాయ్?" అన్నాడు. అంతే, మూడు నెలల కష్టం పోయింది. మా తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు, రోజుకి దాదాపు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతూ ఉంటాయి. నేను ఆదివారం తీరిక దొరికినప్పుడల్లా వెళ్లి కొలుస్తున్నాను, ఒకసారి సముద్రాన్ని కొలిచినట్టు, ఒకసారి చేల మురుగుని కొలిచినట్టు. ఇంజనీరింగ్ చదివినవాడికి ముందే తట్టాల్సిన విషయం ఇది, తట్టలేదు.

తర్వాతి పదకొండు నెలలు పోటు టైం రాసుకుని, అమావాస్యకీ పున్నమికీ ప్రత్యేకంగా వెళ్లి కొలిచాను. తేలిందేమిటంటే ఇద్దరూ సగం సగం కరెక్టే. పోటుకి మూసుకోవాల్సిన స్లూయిజ్ తలుపు కింద అంచు తుప్పు పట్టి తినేసింది, అమావాస్య పోటుకి ఉప్పునీరు అక్కణ్నుంచి దూరి రెండు కిలోమీటర్ల పైదాకా వస్తోంది. అయితే ఐదో పాయింటు దగ్గర, పోటు అందని చోట కూడా, చెరువులు పట్టుబడి పట్టి నీళ్లు వదిలిన రోజుల్లో ఈసీ ఒక్కసారిగా లేస్తోంది. ఇది చెప్పినప్పుడు మావయ్య రెండు వారాలు నాతో మాట్లాడలేదు. తలుపు సంగతి రీడింగులతో సహా అర్జీ రాసి ఇచ్చాం, దాని గతి ఇంకా తెలియదు.

నా తెలివి ఇక్కడితో ఆగిపోయింది. ఈసీ మీటరు ఉప్పు ఎంతో చెబుతుంది గానీ ఎక్కడిదో చెప్పదు, చెరువు నీరు కూడా ఏటి నుంచి తోడిందే కదా. చెరువు నీటిలో మేత వల్ల నత్రజని, భాస్వరం ఎక్కువుంటాయి కాబట్టి వాటిని కలిపి కొలిస్తే విడదీయొచ్చేమోనని నా ఊహ, కానీ శాంపిళ్లు ఎలా తీయాలో, ఎన్ని తీస్తే నమ్మొచ్చో నాకు ఎవరూ నేర్పలేదు. వరి 3 దాకా తట్టుకుంటుందని చదివి చాలాకాలం డ్రెయిన్ నీటి రీడింగుని దాంతో పోల్చాను, ఆ 3 మట్టి ముద్ద నుంచి తీసిన నీటికి వర్తిస్తుందని, పెట్టే నీటికైతే 2 చూసుకోవాలని తర్వాత తెలిసింది. HEC-RAS దించుకుని రాత్రిళ్లు కూర్చుని మా డ్రెయిన్‌కి మోడల్ కట్టబోయాను. కింది కొస దగ్గర పోటు మట్టం ఇచ్చి తలుపు పెట్టగానే మోడల్ కూలిపోతోంది, ఎందుకు కూలుతోందో తెలుసుకోవాలంటే అన్‌స్టెడీ ఫ్లో సమీకరణాలు అర్థం కావాలి, వీడియోలు చూసి నేర్చుకునే దశ దాటిపోయింది.

మీ కోర్సులో ఓపెన్ చానెల్ హైడ్రాలిక్స్, నీటి నాణ్యత మోడలింగ్ రెండూ మొదటి ఏడాదిలోనే ఉన్నాయి, ల్యాబ్ ఉంది, రెండో ఏడాదంతా ప్రాజెక్టుకే. నేను చేయాలనుకుంటున్న ప్రాజెక్టు ఇదే డ్రెయిన్: తలుపు బాగుచేస్తే దాళ్వాలో ఉప్పు ఎంత తగ్గుతుంది, చెరువులు నీళ్లు వదిలే రోజుల్ని పాటు వేళకి కుదిర్చితే ఇంకెంత తగ్గుతుంది, తలుపు బిగించేస్తే సార్వా ముంపు పెరుగుతుందా. మూడోదే నాకు ఎక్కువ భయం, ఉప్పు ఆపబోయి చేలు ముంచితే ఊళ్లో తలెత్తుకోలేను. మీ అధ్యాపకులు వేరే అంశం మంచిదంటే దానికీ సిద్ధమే, కానీ డెల్టా వదిలి మాత్రం ఆలోచించలేను.

గణితంలో నేను వెనకబడే ఉన్నానని తెలుసు. ఈ ఏడు నెలలుగా పాక్షిక అవకలన సమీకరణాలు మొదటి నుంచి చదువుతున్నాను, రోజుకి గంట, పూడిక పని లేని రోజున మూడు గంటలు. క్లాసులో మిగతావాళ్లు ఒకసారి విని అందుకునేది నాకు రెండుసార్లు పట్టొచ్చు. చదువయ్యాక ఏం చేస్తావని అడిగితే, నీటిపారుదల శాఖ ఉద్యోగ పరీక్షలు రాస్తాను, వస్తే డ్రెయినేజీ విభాగం కోరుకుంటాను, మా సూపర్‌వైజర్ల భాషలో దాన్ని 'ఎవరూ అడగని పోస్టు' అంటారు. రాకపోతే ఇదే కాంట్రాక్టరు దగ్గరికైనా వెళ్తాను, ఈసారి కొలతలు చేతిలో పెట్టుకుని.

రీడింగుల పుస్తకం స్కాన్ చేసి దరఖాస్తుకి జతపరిచాను. దయచేసి 14వ పేజీ నుంచి చూడండి, ముందువి పోటు టైం రాయకుండా తీసుకున్నవి, కొట్టేయకుండా అలాగే ఉంచాను.