చివరి సంవత్సరం ప్రాజెక్టు ఎంపికలో సలహా కోరుతూ పూర్వ విద్యార్థికి లేఖ

భీమవరం,
20 జులై 2025.

గౌరవనీయులైన సత్యనారాయణ గారికి,

నమస్కారాలు. నేను మన పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా మూడో సంవత్సరం చదువుతున్నాను. మొన్న ఫిబ్రవరిలో మీరు కాలేజీకి వచ్చి మోటారు కంట్రోల్ ప్యానెళ్ళ గురించి మాట్లాడిన రోజున, ఓవర్‌లోడ్ రిలేను ఎన్ని ఆంపియర్ల దగ్గర పెట్టాలని నేను అడిగాను. "ఆ మోటారు నేమ్‌ప్లేటు చూశావా అమ్మా?" అని మీరు ఎదురు ప్రశ్న వేస్తే జవాబు చెప్పలేక కూర్చుండిపోయాను. మీకు గుర్తుండకపోవచ్చు, నాకు మాత్రం బాగా గుర్తుంది. మీ చిరునామా మా విభాగాధిపతి గారు ఇచ్చి, మీకు రాయమని ప్రోత్సహించారు.

ఆగస్టు 4 సోమవారం లోపల మేము ప్రాజెక్టు అంశం తేల్చి, రెండు పేజీల వివరణ ఇవ్వాలి. మా బ్యాచ్‌లో ఐదుగురం ఉన్నాము. తలా 1,200 రూపాయల చొప్పున మొత్తం 6,000 రూపాయలకు మించి పెట్టగలిగే స్థితి మాకు లేదు. నాతో ఉన్నవారిలో ముగ్గురు, ఫోను నుంచి లైట్లు, ఫ్యాన్లు వేసి ఆపే ప్రాజెక్టు చేద్దామంటున్నారు. దాని కిట్టు, రిపోర్టు, వైవాలో అడిగే ప్రశ్నలకు జవాబులతో సహా బజారులో సిద్ధంగా దొరుకుతుంది. వారిని నేను తప్పుపట్టడం లేదు, ఎందుకంటే దానితో మార్కులకు లోటు ఉండదు, ప్రదర్శన రోజున పనిచేయదనే భయమూ ఉండదు. అయితే పెట్టె విప్పి, తీగలు కలిపి, మూత బిగించిన పనిని నా ప్రాజెక్టు అని చెప్పుకోవడానికి నాకు మనసు ఒప్పడం లేదు.

నా మనసులో ఉన్నది రొయ్యల చెరువుల్లో తిరిగే ఏరేటర్లకు సంబంధించిన పని. మా నాన్నగారు ఆకివీడు వైపు చెరువుల మీద రాత్రి కాపలా ఉంటారు. ఏరేటర్ల మోత ఆగితే గాఢనిద్రలోనైనా మెలకువ వస్తుందని ఆయన అంటారు, అది నిజమే కూడా. కానీ నిరుడు ఒక రాత్రి షెడ్డులో మూడు కట్-అవుట్లలో ఒకదాని ఫ్యూజు తీగ కాలిపోయింది. ఎనిమిది ఏరేటర్లలో ఐదింటికి రిలేలు సరిగానే పనిచేసి మోటార్లను ఆపేశాయి. మిగిలిన మూడింటికి, మాటిమాటికీ ట్రిప్ అవుతున్నాయని ఎవరో రిలే సెట్టింగు బాగా పెంచేసి ఉంచడంతో, రెండు ఫేజుల మీదనే మూలుగుతూ తిరిగి తిరిగి మూడు మోటార్లూ కాలిపోయాయి. పక్క చెరువు ఏరేటర్ల మోతలో ఈ తేడా నాన్నగారికి వినబడలేదు. తెల్లవారుజామున టార్చి వేసి చూసేసరికి రొయ్యలు గట్టు వెంబడి తేలి ఉన్నాయి. నీటిలో ప్రాణవాయువు మామూలుగానే ఆ వేళకు అన్నిటికంటే తక్కువగా ఉంటుంది కదా.

ఆ తర్వాత చాలా రోజులు ఆలోచించగా నాకు తట్టిన సంగతి ఒకటి ఉంది, మీరు సరిచూడవలసినది ముఖ్యంగా దానినే. సింగిల్ ఫేజ్ ప్రివెంటర్లు మార్కెట్లో ఎప్పటి నుంచో ఉన్నాయి, వాటిని మళ్ళీ తయారుచేయడం ప్రాజెక్టు అనిపించుకోదు. ఫేజు పోతే అవి మోటారును ఆపి వైండింగును కాపాడతాయి. కానీ చెరువు విషయంలో మోటారును ఆపడం సగం పనే. ఆ రాత్రి ఐదు మోటార్లు భద్రంగా మిగిలాయి, పంట మాత్రం మిగలలేదు. మోటారు బతికినా కాలినా చెరువుకు జరిగే నష్టం ఒక్కటే కాబట్టి, ఆపడంతో పాటు మనిషిని నిద్రలేపే ఏర్పాటు కూడా ఉండాలి. ప్రతి ఏరేటరు తీసుకునే కరెంటును విడివిడిగా చూస్తూ, తేడా వస్తే షెడ్డులో సైరన్ మోగించి, కాపలా మనిషికీ రైతుకూ ఫోను చేసే పెట్టె ఒకటి చేయాలని నా ఆలోచన.

వోల్టేజీని కాక కరెంటునే ఎందుకు చూడాలన్నది ల్యాబ్‌లో నాకు కళ్ళారా తెలిసింది. లోడు లేకుండా తిరుగుతున్న 3 హెచ్‌పీ ఇండక్షన్ మోటారుకు, మా సార్ పక్కనే నిలబడి ఉండగా, ఒక ఫేజు తీసి చూశాము. ఆ ఫేజులో వోల్టు మీటరు సున్నా చూపుతుందని నేను అనుకున్నాను. తిరుగుతున్న మోటారే తెగిపోయిన ఫేజులో వోల్టేజీని పుట్టిస్తుంది కాబట్టి, మీటరు దాదాపు 380 దగ్గర నిలిచింది. మిగతా రెండు ఫేజుల్లో కరెంటు మాత్రం 2.1 నుంచి 3.6 ఆంపియర్లకు పెరిగింది. వోల్టేజీని మాత్రమే చూసే పరికరం ఇటువంటి చోట మోసపోయే ప్రమాదం ఉందని అప్పుడు అర్థమైంది. కరెంటును చూడటంలో ఇంకొక లాభం కూడా ఉండవచ్చు. గేర్‌బాక్సు షాఫ్టు విరిగి, మోటారు తిరుగుతున్నా చక్రాలు తిరగకపోతే, కరెంటు తగ్గిపోతుంది. అంటే పెరిగినా తగ్గినా హెచ్చరిక ఇవ్వవచ్చు. కానీ చక్రాలు నీటిలో మునిగే లోతు ఏరేటరుకూ ఏరేటరుకూ మారుతుంది, రాత్రివేళ సప్లై వోల్టేజీ కూడా ఒక్క తీరున ఉండదు. అటువంటప్పుడు హద్దులు ఎక్కడ గీయాలో నాకు తేలడం లేదు. మీ ప్యానెళ్ళలో అండర్‌లోడ్ రక్షణ పెట్టేటప్పుడు ఏ లెక్క పాటిస్తారో చెప్పగలరా?

ఫోను చేసే భాగాన్ని చిన్న బల్ల మీద ఇప్పటికే ప్రయత్నించాము. జి.ఎస్.ఎం. మాడ్యూలు సందేశం పంపబోయిన ప్రతిసారీ తనంతట తానే ఆగి మళ్ళీ మొదలయ్యేది. వారం రోజులు ప్రోగ్రాములో తప్పు వెతికిన తర్వాత తెలిసినదేమిటంటే, సిగ్నలు పంపే క్షణంలో అది 2 ఆంపియర్ల వరకు లాగుతుందని, మేము ఇచ్చిన సప్లై అంత ఇవ్వలేకపోతోందని. సప్లై మార్చి, పక్కన 1000 మైక్రోఫారడ్ల కెపాసిటరు పెట్టాక నిలకడగా పనిచేస్తోంది. అది 2జీ మాడ్యూలు కావడంతో ఏ సిమ్ము పడితే ఆ సిమ్ము పనిచేయదని కూడా ఆ వారంలోనే తెలిసింది.

మా సార్ సూచించిన మరో అంశం, కాలేజీ వర్క్‌షాపులో పవర్ ఫ్యాక్టరు కొలిచి కెపాసిటర్లతో సరిదిద్దడం. ఖర్చు తక్కువ, కొలతలన్నీ మన చేతిలోనే ఉంటాయి. దానిని తీసిపారేయలేను కానీ, ఎక్కువ సమయం ఖాళీగా ఉండే లేత్‌ల మీద చూపించగలిగే ఆదా ఎంత ఉంటుందా అని సందేహం.

ఏరేటర్ల పని 14 వారాల్లో ఐదుగురు విద్యార్థులు ముగించగలిగినదేనా, లేక ఎనిమిది మోటార్లకు బదులు రెండింటితో ఆపి దానినే సరిగా పరీక్షించడం మంచిదా అన్నది మీ అనుభవంతో చెప్పగలరని ఆశ. నాకు రెండోదే సబబు అనిపిస్తోంది. చెరువు దగ్గర 415 వోల్టుల మీద, తడి నేల మీద విద్యార్థులు పనిచేయడానికి మా సార్ జంకుతున్నారు, ఆయన భయం న్యాయమైనదే. తీగను తెంపకుండా చుట్టూ బిగించే క్లాంపు కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లు వాడి, వాటిని సప్లై ఆపిన తర్వాతనే లైసెన్సు ఉన్న వైర్‌మన్ చేత బిగింపజేస్తే సరిపోతుందా? అక్కడి ఉప్పుగాలికి స్టార్టర్ల కాంటాక్టులే చిలుము పడుతుంటాయి కాబట్టి, మా పెట్టెకు ఎటువంటి ఎన్‌క్లోజరు వాడాలో కూడా చెప్పండి.

మీ పరిశ్రమలో పక్కన పడేసిన పాత కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లు ఏవైనా ఉంటే, వాటిని కొన్ని నెలలకు అరువుగా ఇప్పించగలిగితే మా ఖర్చులో పెద్ద భాగం తగ్గుతుంది. వీలుపడకపోయినా నేను ఏమీ అనుకోను. ల్యాబ్‌లో తీసుకున్న కొలతల పట్టికను, సర్క్యూటు బొమ్మను ఈ లేఖతో జతచేశాను. జులై 30 లోపల మీరు రెండు ముక్కలు రాసినా, ఆ జాబును మా బ్యాచ్ వారికి చూపించి అంశం తేల్చుకుంటాము. ఈ అంశం పనికిరాదని మీకు అనిపిస్తే మొహమాటపడకుండా అదే రాయండి.

ఇట్లు,
మీ విధేయురాలు,
లావణ్య
ఎలక్ట్రికల్ డిప్లొమా, మూడో సంవత్సరం