ఉద్యోగం పోయిన తమ్ముడికి

తమ్ముడూ, ఉద్యోగం పోయి మూడు వారాలైనా ఇంట్లో ఇంకా చెప్పలేదన్నావు. పొద్దున్నే బాక్స్ కట్టించుకుని, బ్యాగు తగిలించుకుని బయల్దేరుతున్నావు. సాయంత్రం దాకా పార్కు బెంచీ మీద కూర్చుని, ఆఫీసు నుంచి వచ్చినట్టే ఇంటికొస్తున్నావు. ఉద్యోగం పోయిన బాధ కన్నా ఈ దాపరికమే నిన్ను ఎక్కువ నలిపేస్తోందనిపిస్తోంది.

ఏడుపొస్తే ఏడువు. భగవద్గీత మొదలైందే ఒక మనిషి దుఃఖంతో. మొదటి అధ్యాయం పేరే అర్జున విషాదయోగం. చేతిలోంచి గాండీవం జారిపోతోంది, ఒళ్లు మండిపోతోంది, నిలబడలేకపోతున్నాను అని అర్జునుడు గోడు వెళ్లబోసుకుంటుంటే కృష్ణుడు మధ్యలో అడ్డు తగల్లేదు. చివరిదాకా విన్నాడు. అంతటి వీరుడికే తప్పనిది, నీకెందుకు సిగ్గు?

తర్వాత ఆయన చెప్పిన మాటల్లో ఒకటి నీకు చెప్పాలి. చలీ వేడీ, సుఖమూ దుఃఖమూ వస్తాయి, పోతాయి, ఓర్చుకో అన్నాడు. చలి వెయ్యదని మాత్రం అనలేదు, చూశావా? ఈఎంఐ తేదీ దగ్గరపడితే టెన్షన్ వస్తుంది. రానీ. అది వచ్చిందని నీ ఓర్పు పోయినట్టు కాదు.

ఇక 'కర్మణ్యేవాధికారస్తే' శ్లోకం. పని మీదే నీకు అధికారం, ఫలితం మీద లేదన్న సగం అందరికీ తెలుసు. నాకు బాగా ఇష్టమైంది దాని చివరి పాదం, 'మా తే సంగోఽస్త్వకర్మణి'. ఏమీ చెయ్యకుండా ఉండిపోవడానికి అలవాటు పడకు అని. ఫలితం నీ చేతుల్లో లేదన్న నోటితోనే, చేతులు ముడుచుకుని కూర్చోకు అనీ అన్నాడు. ఇంటర్వ్యూకి పిలుస్తారో లేదో నీ చేతిలో లేదు. రెజ్యూమే సరిదిద్దుకోవడం, పాత సహోద్యోగులకు ఫోన్ చేసి 'నాకు పని కావాలి' అని నోరు తెరిచి అడగడం, రిలీవింగ్ లెటర్, రావాల్సిన బకాయిలు రాబట్టుకోవడం నీ చేతిలో ఉన్నాయి. రోజుకు రెండు పనులైనా చాలు. చేశాక ఆ రోజుకి ఫోన్ పక్కన పెట్టెయ్. గంటగంటకీ మెయిల్ తెరిచి చూస్తే జవాబు త్వరగా రాదు, నీ నిద్ర పోతుందంతే.

ఈ శ్లోకం ఇన్నిసార్లు చదివితే ఉద్యోగం వచ్చేస్తుందని నేను చెప్పను. ఎప్పుడొస్తుందో నాకు తెలియదు. ముందున్నంత జీతం రాకపోవచ్చు, కొన్నాళ్లు చిన్న పని చెయ్యాల్సి రావచ్చు. అయినా రేపు పొద్దున చెయ్యాల్సిన పని రేపు పొద్దున ఉంటుంది.

ఈ రాత్రి పిల్లలు పడుకున్నాక నీ భార్యకు చెప్పు. ఉపోద్ఘాతాలేం వద్దు, 'ఉద్యోగం పోయింది, వెతుకుతున్నాను' అను చాలు. మొదట కోప్పడొచ్చు, దాచినందుకు. ఆ కోపాన్ని కూడా ఓర్చుకో. తర్వాత ఇద్దరూ కూర్చుని ఈ నెల ఖర్చులు రాసుకోండి.