ఆగస్టు 9 కథాపఠనం: మాష్టారికి

మాష్టారికి నమస్కారం.

"ఏం చదువుతావో, ఎంతసేపు చదువుతావో రాసి పంపమ్మా" అన్నారు కదా. కూర్చుని అంతా రాశాను. ఆదివారం సాయంత్రం ఈ కాగితాలు మీ చేతిలో ఉంటే చాలు.

ముందుగా ఒకటి అడుగుతాను, కాదనకండి. ఆరోజు జ్యోతి వెలిగించడం, శాలువా, సన్మానపత్రం ఏవీ వద్దు. 7న చేనేత దినోత్సవం సభలు ఎటూ ఉంటాయి, ఉపన్యాసాలన్నీ అక్కడే అవుతాయి. దీన్ని వాటితో కలపకండి. మన నేతవాళ్ల మీద నేను రాసిన కథల పుస్తకం వచ్చిన కొత్తలో ఒక ఊళ్లో ఆవిష్కరణ పెట్టారు. వేదిక మీద తొమ్మిది మంది. రెండు గంటల తర్వాత నాకు మైకు ఇచ్చి "రెండు ముక్కలు చదవండి" అన్నారు. అప్పటికే వెనక కుర్చీలు ఖాళీ అయిపోయాయి. ఆ టెన్షన్‌లో చేతికొచ్చిన పేజీ తెరిచి చదివాను. అది కథ మధ్యలో పేజీ, ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆరోజు పుస్తకం గురించి అందరూ మాట్లాడారు గానీ పుస్తకంలోని మాట ఎవరి చెవినా పడలేదు. వేటపాలెంలో అలా జరగకూడదు. ఇక్కడ వినేవాళ్లు ఎవరి గురించి ఆ కథలు రాశానో వాళ్లే.

చోటు గురించి నాకు చెప్పలేనంత సంతోషంగా ఉంది. బడి అయ్యాక సారస్వత నికేతనంలో కూర్చుని చదువుకున్న పిల్లని నేను. 1918లో పెట్టిన గ్రంథాలయం, 1929లో గాంధీ గారు వచ్చి శంకుస్థాపన చేసిన చోటు అని మీరే క్లాసులో చెప్పారు. ఆయన చేతికర్ర చూడ్డానికి మమ్మల్ని వరసలో నిలబెట్టి తీసుకెళ్లారు కూడా. మీ పరిచయంలో నా గురించి తగ్గించి, ఈ సంగతి ఒక్క నిమిషం చెప్పండి. కొత్త పిల్లలు చాలామందికి తెలీదు.

ఇక టైము. 5:30కి మొదలు, 6:36కి ముగింపు. మీ పరిచయం నాలుగు నిమిషాలు. నా మాటలు మూడు. మొదటి భాగం తొమ్మిది నిమిషాలు చదువుతాను. రెండు నిమిషాలు ఊరికే మాట్లాడతాను, జనం కాస్త కదులుతారు. రెండో భాగం పన్నెండు నిమిషాలు. ఒక నిమిషం మంచినీళ్లు తాగి, మూడోది నాలుగు నిమిషాలు. అక్కడికి 6:05 అవుతుంది. అక్కణ్నుంచి అరగంట ప్రశ్నలు. ప్రశ్నలయ్యాక వెంటనే "ధన్యవాదాలు" అనేయకండి. ఇంకో అరపేజీ చదువుతాను, ఒక్క నిమిషం పడుతుంది. జనం ఇంటికెళ్లేటప్పుడు చివరగా చెవిలో ఉండేది వాదన కాకుండా కథ కావాలని నా కోరిక.

ఈ నిమిషాలు ఊహించి వేసినవి కావు. ఇంట్లో నిలబడి, ఫోన్లో గడియారం పెట్టుకుని, గట్టిగా మూడుసార్లు చదివాను. కూర్చుని చదివితే వేగం పెరిగిపోతోంది. నిలబడి, ఊపిరి తీసుకుంటూ చదివితే నా పుస్తకంలో పేజీకి రెండుంబావు నిమిషాలు వస్తోంది. మనసులో చదువుకున్నప్పుడు అదే పేజీ నిమిషంలోపే అయిపోతుంది. ఆ లెక్కతో వేదికెక్కితే సగం చదివేసరికి టైము అయిపోతుంది.

మొదటి భాగం "గుంటలో నీళ్లు" కథ మొదటి నాలుగు పేజీలు. మొదలు నుంచి చదువుతాను కాబట్టి ఎవరికీ ముందు కథ చెప్పక్కర్లేదు. వానకి మగ్గం గుంట నిండటం ఇక్కడ తెలియని ఇల్లు లేదు. అందులో ఈ నాలుగు వాక్యాల దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి:

"నాన్న గుంటలో దిగి చెంబుతో నీళ్లు తోడుతున్నాడు. అమ్మ పడుగు మీద తన చీర కప్పింది. మామ్మ గుమ్మంలో కూచుని లెక్కపెడుతోంది. చెంబుల్ని కాదు, రోజుల్ని."

"లెక్కపెడుతోంది" తర్వాత కాగితం మీద ఎర్ర గీత గీసుకున్నాను, అక్కడ ఆగాలి. తొందరపడి రెండు వాక్యాలూ కలిపేస్తే మామ్మ బాధ జారిపోతుంది. పని ఆగిన ప్రతిరోజూ కూలి లేని రోజే అని ఆ హాల్లో వాళ్లకి నేను వివరించక్కర్లేదు, ఆగితే చాలు.

రెండోది "కండెలు". ముగ్గురు ఆడవాళ్లు అరుగు మీద కూర్చుని కండెలు చుడుతూ మాట్లాడుకునే కథ. పుస్తకంలో ఆరున్నర పేజీలు, చదివితే పద్నాలుగున్నర నిమిషాలు వచ్చింది. వీధి వర్ణన తీసేసి పన్నెండుకి తెచ్చాను. అచ్చులో అందంగానే ఉంది గానీ ఆ వీధి వాళ్లకే ఆ వీధిని వర్ణించడం ఎందుకు? ఇంకో ఇబ్బంది కూడా వచ్చింది. కంటితో చదివేటప్పుడు ఎవరి మాట ఏదో తెలుస్తుంది, చెవికి మూడు గొంతులూ ఒకటే. నేను గొంతులు మార్చి నటించలేను, నటిస్తే నకిలీగా ఉంటుంది. అందుకని రెండుచోట్ల "అంది పెద్ద వదిన", "అంది చిన్నది" అని పెన్సిలుతో కలిపాను. మా తమ్ముడి కూతురికి చదివి వినిపించాను. "ఇప్పుడు తెలిసిందత్తా" అంది.

ఇందులోనే 41వ పేజీలో ఒక తప్పుంది మాష్టారూ. "పేకకి గంజి పట్టించి" అని రాశాను. పుస్తకం చదివి బాబాయి ఫోన్ చేశాడు. "ఏమ్మా, మగ్గం గుంట పక్కనే పుట్టి గంజి పడుగుకి పెడతారని మర్చిపోయావా? మగ్గం అచ్చులో ఒరుసుకునేది పడుగు పోగులే కదా, గంజి లేకపోతే తెగిపోవూ?" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆదివారం ఆ వాక్యం సరిచేసి చదువుతాను. చదవబోయే ముందే "పుస్తకంలో తప్పు పడింది, మా బాబాయి దిద్దాడు" అని చెబుతాను. ఇంకేవైనా కనబడితే చెప్పమని కూడా అడుగుతాను. రెండో ముద్రణకి ఆ దిద్దుబాట్లు కావాలి.

మూడోది చాలా చిన్నది, సంతలో చీర బేరం. కాస్త నవ్వొస్తుంది. పన్నెండు నిమిషాలు బరువుగా విన్నాక నవ్వు రావాలి, అప్పుడే ప్రశ్న అడగడానికి నోరు లేస్తుంది.

పుస్తకానికి పేరిచ్చిన కథ, అదే మగ్గం అమ్మిన కథ, చదవమని మీరు అడిగారు. చదవలేను మాష్టారూ. రెండుసార్లు ప్రయత్నించాను, రెండో పేజీలో గొంతు పూడుకుపోయింది. ఇంట్లో అయితే ఫరవాలేదు. అక్కడ ముందు వరసలో నాన్న కూర్చుని ఉంటారు. నా ఏడుపు చూసి జనం నా మీద జాలిపడితే కథ పక్కకి పోతుంది. పైగా దాని ముగింపు పుస్తకం కొని చదివేవాళ్ల కోసం అట్టే పెట్టాలి.

మొత్తం 16 పాయింట్ల అక్షరాలతో ఒకవైపే ప్రింటు తీయించాను. ఏ పేజీ వాక్యం మధ్యలో తెగకుండా చూసుకున్నాను. పుస్తకం మాత్రం చేతిలో పట్టుకుంటాను, జనానికి కనబడాలి కదా. ఫ్యాను గాలికి ఎగరకుండా అట్టకి క్లిప్పు పెడతాను. మైకు ఐదింటికే వచ్చి చూసుకుంటాను. కరెంటు పోయినా చదువు ఆపను, అందరినీ ముందుకి జరగమందాం.

ప్రశ్నల దగ్గర మీ సాయం ఎక్కువ కావాలి. మైకు ఇస్తే ముందు వరస మగవాళ్లే మాట్లాడతారు. వెనక కూర్చునే ఆడవాళ్లు, కండెలు చుట్టే చేతులు వాళ్లవే, లేచి అడగరు. అందుకని మొదట్లోనే చిన్న చీటీలు, పెన్సిళ్లు పంచిపెడదాం. రాయడం రానివాళ్ల పక్కన మా మేనకోడలు కూర్చుని రాసిపెడుతుంది. రెండో భాగం అయ్యాక చీటీలు మీకు తెచ్చి ఇస్తుంది. ముందు ఒక చీటీ, తర్వాత ఒక చెయ్యి, అలా మార్చి మార్చి తీసుకోండి. ప్రతి ప్రశ్ననీ మీరు మైకులో మళ్లీ చెప్పండి. వెనకవాళ్లకి వినబడుతుంది, నాకు ఆలోచించుకోవడానికి రెండు క్షణాలు దొరుకుతుంది.

మొదట ఎవరూ అడక్కపోతే కంగారుపడి ముగించేయకండి. మనసులో పది లెక్కపెట్టి మీరే అడగండి, "కండెలు కథలో చిన్నదాన్ని ఎందుకు మాట్లాడనివ్వలేదు?" అని. దానికి నిజంగా జవాబుంది.

ఎవరైనా ప్రశ్న పేరుతో ఉపన్యాసం ఎత్తుకుంటే ఒక నిమిషం ఆగి, "మీ మాట విలువైనదే, ప్రశ్న ఒక్క వాక్యంలో చెప్పండి" అనండి. మీ శిష్యులే కాబట్టి మీరంటే వింటారు, నేనంటే నొచ్చుకుంటారు.

"ఇది మీ నాన్న కథేనా?" అని తప్పకుండా అడుగుతారు. "నాన్న దగ్గర చూసినవి ఉన్నాయి, ఇతరుల ఇళ్లలో విన్నవీ ఉన్నాయి. ఏది ఎవరిదో విడదీసి చెప్పను, నన్ను నమ్మి చెప్పినవాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు" అంటాను. కథలో షావుకారు ఫలానా ఆయనేనా అని పేరు పెట్టి అడిగితే మాత్రం మీరు అడ్డుకోండి, ఆ పేరు మైకులో మళ్లీ చెప్పకండి.

"చేనేత నిలబడుతుందా, ప్రభుత్వం ఏం చెయ్యాలి?" అన్నదానికి నేను జవాబు చెప్పడం ధర్మం కాదు. హాల్లో నలభయ్యేళ్లు నేసినవాళ్లు ఉంటారు. మైకు వాళ్లలో ఒకరికి ఇవ్వండి, రెండు నిమిషాలు.

నేను భయపడే ప్రశ్న ఒకటే. "మా కష్టం రాసుకుని నువ్వు పేరు తెచ్చుకున్నావు, మాకేమొచ్చింది?" అని ఎవరైనా అనొచ్చు. అంటే వాళ్లని కూర్చోబెట్టకండి, మీరు నా తరఫున మాట్లాడకండి. ఆ మాటలో న్యాయముంది. నేను ఊరు వదిలి ఉద్యోగంలో పడ్డాను, మగ్గం ఎక్కలేదు. జవాబుగా ఇంతే చెప్పగలను: "మీకు డబ్బు తేలేకపోయాను. మన మాటలు, అచ్చు అతకడం, కండె చుట్టడం, వాటి పేర్లతో సహా పోకుండా రాయాలనుకున్నాను. తప్పు రాస్తే దిద్దండి, సరిగ్గా రాస్తే మీ పిల్లలకి చదివి వినిపించండి." ఇంకా కోపం ఉంటే సభ అయ్యాక వాళ్ల ఇంటికి వెళ్లి కూర్చుంటాను.

పుస్తకాలు నలభై తెస్తున్నాను. ఇరవై గ్రంథాలయానికి, బడులకి. మిగతావి తలుపు పక్క బల్ల మీద పెట్టి అమ్ముదాం, వేదిక మీద నుంచి కొనమని ప్రకటించొద్దు. టీ, జీడిపప్పు పకోడీ సభ అయ్యాకే ఇప్పించండి. మధ్యలో పెడితే కాగితం ప్లేట్ల చప్పుడులో మామ్మ లెక్క ఎవరికీ వినబడదు.

శనివారం రాత్రికే చీరాల వచ్చేస్తాను. ఆదివారం పొద్దున పదింటికి మీ ఇంటికి వస్తాను, ఒక్కసారి మొత్తం మీ ముందు చదువుతాను. పిన్నిగారిని కూడా కూర్చోమనండి. ఎక్కడ విసుగొచ్చిందో ఆవిడ మొహమాటం లేకుండా చెబుతారు, ఆ చోటు సాయంత్రానికి తీసేస్తాను.

మీ విద్యార్థిని