న్యాయపత్రాల ప్రూఫ్ రీడింగ్: పని పరిధి, గడువులు, గోప్యతా నిబంధనల ప్రతిపాదన

తెనాలి,
14 జులై 2025

గుంటూరు అరండల్‌పేటలోని న్యాయవాద కార్యాలయం సీనియర్ న్యాయవాది గారికి,

ఆర్యా,

గత వారం మీ కార్యాలయంలో మాట్లాడుకున్న మేరకు, కోర్టులో దాఖలు చేయబోయే తెలుగు, ఇంగ్లీషు పత్రాలను సరిచూసే పనికి నా ప్రతిపాదనను లిఖితపూర్వకంగా పంపుతున్నాను. డ్రాఫ్టు రాసిన జూనియర్లే దాన్ని చివరిసారి కూడా చదవాల్సి వస్తోందని మీరు అన్నారు. ఆ చివరి పఠనం ఇకపై నా పని.

పని పరిధి

ప్లెయింట్లు, రిటన్ స్టేట్‌మెంట్లు, అఫిడవిట్లు, ఐ.ఏ.లు, లీగల్ నోటీసులు, దస్తావేజుల డ్రాఫ్టులు ఇందులోకి వస్తాయి. అక్షర, వ్యాకరణ దోషాలతో పాటు పార్టీల పేర్లు, తండ్రి పేర్లు, వయసులు, తేదీలు, ఎగ్జిబిట్ నంబర్లు పత్రం పొడవునా ఒకేలా ఉన్నాయా అన్నది చూస్తాను. కొత్త ప్రతివాదులను చేర్చిన తరువాత పాత పేరాల్లో 3వ ప్రతివాది అన్న మాట ఇంకా సరైన వ్యక్తినే సూచిస్తోందా అన్నది ప్రత్యేకంగా పరిశీలిస్తాను.

ఆస్తి షెడ్యూలు మీద ఎక్కువ సమయం పెడతాను. పేరాలో 1 ఎకరం 20 సెంట్లు అని ఉండి, తెలంగాణ ఫైలు నుంచి తెచ్చుకున్న నమూనా వల్ల షెడ్యూలులో 1 ఎకరం 20 గుంటలు అని పడితే, చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి. కానీ 20 సెంట్లు 968 చదరపు గజాలు, 20 గుంటలు 2,420 చదరపు గజాలు. సర్వే నంబర్లను, విస్తీర్ణాన్ని, నాలుగు హద్దులను మీరిచ్చిన క్రయ దస్తావేజు నకలుతో పోల్చి చూస్తాను. పాత దస్తావేజు నుంచి యథాతథంగా ఉదహరించిన భాగంలో మాత్రం రాయసకాడి తప్పును కూడా దిద్దను. మార్జిన్‌లో గుర్తు పెట్టి వదిలేస్తాను.

క్రిమినల్ పత్రాల్లో సెక్షన్ నంబర్లను నా అంతట నేను మార్చను. ఐపీసీ 420 కనిపించిన ప్రతిచోటా బీఎన్ఎస్ 318(4) అని దిద్దడం ప్రమాదకరం, ఎందుకంటే 1 జులై 2024కు ముందు జరిగిన నేరానికి పాత చట్టమే వర్తిస్తుంది. ఘటన తేదీకి, సెక్షన్‌కు పొంతన కుదరకపోతే ప్రశ్నగా రాస్తాను, నిర్ణయం మీది. న్యాయ సలహా, కాలపరిమితి లెక్క, ఉదహరించిన తీర్పు నేటికీ నిలబడుతుందా అన్న పరిశోధన నా పరిధిలోవి కావు. సంతకమైన అఫిడవిట్‌లో ఒక్క అక్షరం కూడా మార్చను.

గడువులు, రుసుము

ఉదయం 11 గంటల లోపు అందిన 20 పేజీల వరకు పత్రాన్ని మరుసటి పనిదినం సాయంత్రం 6 గంటలకు, దిద్దుబాట్లు కనిపించేలా వర్డ్ ఫైలులో తిరిగి పంపుతాను. అంతకు మించితే ప్రతి 20 పేజీలకు మరో పనిదినం కావాలి. అదే రోజు కావలసినవి 10 పేజీల లోపు ఉండి, మధ్యాహ్నం 12 లోపు నాకు చేరాలి. చెక్కు బౌన్సు నోటీసుల వంటి వాటికి చట్టం 30 రోజులే ఇస్తోంది కనుక, ఆఖరి తేదీని ఫైలు పేరులోనే రాస్తే వాటిని ముందు తీసుకుంటాను.

పేజీకి రూ. 50, అదే రోజు పనికి రూ. 75. నా గుర్తుల మీద మీరు మార్చిన పేజీలను ఒకసారి ఉచితంగా మళ్లీ చదువుతాను. నెలాఖరున బిల్లు పంపుతాను. 15 రోజుల్లో చెల్లించగలరు.

గోప్యత

భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 132వ సెక్షన్ న్యాయవాదితో పాటు ఆయన గుమాస్తాలను, దుబాసీలను, ఉద్యోగులను కూడా క్లయింటు రహస్యానికి కట్టుబడేలా చేస్తుంది. నేను మీ ఉద్యోగిని కాను. ఆ సెక్షన్ నాకు వర్తిస్తుందా లేదా అన్న చర్చకు తావు లేకుండా, అదే బాధ్యతను ఈ ఒప్పందం ద్వారా స్వీకరిస్తున్నాను. పని ఆగిపోయిన తరువాత కూడా, కాలపరిమితి లేకుండా, అది నా మీద ఉంటుంది.

మీ పత్రాలను నేను ఒక్కదాన్నే చదువుతాను, మరొకరికి అప్పగించను. అవి పాస్‌వర్డ్ పెట్టిన ఫైళ్లుగా ఈమెయిల్‌లోనే రావాలి, పాస్‌వర్డ్ ఫోన్‌లో చెప్పాలి; వాట్సాప్‌లో వచ్చిన పత్రాన్ని, ఎంత తొందరైనా, తెరవను. ఆన్‌లైన్ అనువాద, స్పెల్లింగ్ సైట్లలో ఒక్క వాక్యం కూడా అతికించను. పని ముగిసిన 30 రోజులకు నా దగ్గరున్న ప్రతులను తొలగించి, ఆ సంగతి ఈమెయిల్‌లో తెలియజేస్తాను. ఫైలు బయటికి పొక్కిందన్న అనుమానం వచ్చినా 24 గంటల్లో మీకు చెబుతాను. కోర్టు నుంచి సమన్లు వస్తే, చట్టం అనుమతించిన మేరకు, ఏదైనా వెల్లడించే ముందు మీకు తెలియజేస్తాను.

గుంటూరు బార్‌లోని ఇతర కార్యాలయాలకు కూడా పనిచేస్తాను కాబట్టి, కొత్త కేసు పంపే ముందు పార్టీల పేర్లు మాత్రమే పంపండి. ఎదుటి పక్షం పత్రం నేను చదివి ఉంటే, కారణం చెప్పకుండా ఆ పని తీసుకోలేనని మాత్రమే జవాబిస్తాను.

ఎవరైనా 15 రోజుల లిఖితపూర్వక నోటీసుతో ఒప్పందాన్ని ముగించవచ్చు. గోప్యతా ఉల్లంఘన జరిగితే మీరు నోటీసు లేకుండానే ముగించవచ్చు. నా పొరపాటు వల్ల మిగిలిపోయిన దోషానికి నా బాధ్యత ఆ పత్రానికి తీసుకున్న రుసుముకు పరిమితం. గోప్యతా ఉల్లంఘనకు ఈ పరిమితి వర్తించదు. వివాదాలు గుంటూరు కోర్టుల పరిధిలోకి వస్తాయి.

సమ్మతమైతే జతపరచిన రెండో ప్రతిపై సంతకం చేసి 21 జులై లోపు పంపగలరు. సంతకమైన ప్రతి చేరాకే మొదటి ఫైలు తీసుకుంటాను.

భవదీయురాలు,
న్యాయపత్రాల ప్రూఫ్ రీడర్, తెనాలి